ఒక్క రోజు స్టేటస్

ఆ గురువారం పొద్దున మహిమ ఇంట్లో గొడవ కుక్కర్ విజిల్స్ దగ్గర మొదలైంది. మూడొచ్చాయని ఆమె భర్త జాన్సన్, నాలుగని అతని తల్లి హెప్సిబా. నిజం కుక్కర్లోనే ఉంది కానీ, ఆవిరి పోయేదాకా మూత తీసే వీల్లేదు. అందుకని ఇద్దరూ గొంతులతోనే తేల్చుకోవాలని చూశారు.

"మూడే అవ్వా. నేను లెక్కవెట్టిన."

"గడ్డం గీసుకుంట లెక్కవెట్టినవా? నల్లా సప్పుడుల నీకేమినవడ్తది? నాలుగొచ్చినయ్. ఇంకోటొస్తే పప్పు గంజైతది."

"అయితే గంజే తాగుత. నీకెందుకు పరేషాన్?"

పొయ్యి ముందు నిలబడ్డ మనిషిని అడగొచ్చన్న సంగతి ఇద్దరికీ ఒక్కసారే తోచింది.

"మహిమా, నువ్వే చెప్పు. ఆడనే ఉన్నవ్ గదా."

మహిమ ఫోన్ నుంచి తలెత్తింది. ఆమెకు ఒక్క విజిల్ కూడా వినపడలేదు.

"సూసినవా," అంది హెప్సిబా కొడుకుతో. "ఊరి ముచ్చట్లన్నీ రాసే బిడ్డ. ఇంట్ల కుక్కర్ మొత్తుకుంటే తెల్వది."

మహిమ మంట ఆర్పేసింది. తెలియకపోవడానికి కారణం ఉంది. కరీంనగర్‌లో ఆమె పనిచేసే పత్రిక బ్యూరోలో ఒక ఆచారముంది. పొద్దున తొమ్మిదిలోపు ప్రతి రిపోర్టరూ ఆనాటి వార్తల పట్టికను ఆఫీసు వాట్సాప్ గ్రూపులో పెట్టాలి. ఉత్త మాట పెడితే బ్యూరో చీఫ్ పర్శరాములు నమ్మడు. "ఆధారం?" అని ఒక్క ముక్క పంపుతాడు. కాగితం ఫొటో పెడితే బొటనవేలు చూపిస్తాడు. ఆ బొటనవేలి కోసం పదకొండు మంది రిపోర్టర్లు పొద్దున్నే తమ రహస్యాలన్నీ గ్రూపులో ఆరబోస్తారు. మహిమ అప్పుడే ఒక లేఖ ఫొటో పెట్టింది.

ఆ లేఖ కోసం ఆమె నాలుగు నెలలు తిరిగింది. రేగొండపల్లె దారిలో వాగు మీద పాత కల్వర్టు ఉంది. దాని మీదుగా క్వారీ నుంచి గ్రానైట్ బండలు మోసే లారీలు పోతాయి. కల్వర్టు మోయగలిగినదానికి రెట్టింపు బరువు పడుతోందని, పిల్లర్లలో పగుళ్లు పెరుగుతున్నాయని, భారీ వాహనాలను ఆపాలని రోడ్ల శాఖలో కింది ఇంజినీరు ఎప్పుడో పై అధికారికి రాశాడు. పై అధికారి ఆ లేఖ మీద కూర్చున్నాడు. ఆ క్వారీ జిల్లాలో అందరూ 'పెద్దాయన' అని పిలిచే నాయకుడి బామ్మర్దిది. ఆ లేఖను మహిమ చేతికి ఇచ్చినవాడు ఆ ఆఫీసులో జూనియర్ అసిస్టెంట్ అంతయ్య. రిటైర్మెంటుకు మూడేళ్లున్న మనిషి. "మేడం, పొద్దుగాల స్కూల్ ఆటో గా కల్వర్టు మీదికెళ్లే పోతది. నాకు నిద్ర వడ్తలేదు," అని ఇచ్చాడు.

వార్త రాయడం పూర్తయింది. ఇక పై అధికారి వివరణ, క్వారీ యజమాని మాట రావాలి. వాళ్లు మాట్లాడకపోతే మాట్లాడలేదని రాయాలి. ఆ రెండూ అయ్యాక శనివారం పేజీలో వస్తుంది. అందాకా బయటకు పొక్కకూడదు.

పొక్కకూడదని ఆ సోమవారమే ఆఫీసులో అందరి చేతా సంతకాలు కూడా పెట్టించుకున్నారు. హైదరాబాద్ హెడ్డాఫీసు నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది: రిపోర్టర్లు సొంత సోషల్ మీడియా ఖాతాలు ఎలా వాడాలన్నది. పర్శరాములు కళ్లద్దాలు పెట్టుకుని, పెండ్లి మంత్రాలు చదివినట్లు చదివాడు. వార్త ముందు పత్రికలో రావాలి, ఆ తర్వాతే మీ ఖాతాలో. ధ్రువపడనిది ఎక్కడా పెట్టొద్దు. పార్టీల మీద, నాయకుల మీద, మీరు రాసే విషయాల మీద అభిప్రాయాలు వద్దు. 'ఇది నా వ్యక్తిగతం' అని రాసుకున్నంత మాత్రాన మీరు రిపోర్టర్ కాకుండా పోరు. వాట్సాప్ స్టేటస్ కూడా బహిరంగమే. లైక్ కొట్టినా, షేర్ చేసినా మీ మాట కిందే లెక్క. పాత పోస్టులు ఒకసారి చూసుకోండి. ఇబ్బంది పెట్టేవి ఉంటే డెస్కుకు చెప్పండి, చప్పుడు కాకుండా తీసేయొద్దు. తప్పు పెడితే తప్పని అక్కడే రాసి దిద్దుకోండి.

చదివి కళ్లద్దాలు తీశాడు. జేబులో ఫోన్ మోగింది. మాట్లాడి పెట్టేసి, "ఆ, ఇంకొకటి. శుక్రవారం మన పెద్దాయన పుట్టినరోజు. అందరు స్టేటస్ పెట్టాలె. ఫొటో నేను పంపుత," అన్నాడు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. "సార్, స్టేటస్ గూడ బహిరంగమే అన్నరు గదా, గిప్పుడే?"

"అరే, అది అభిప్రాయమా? మర్యాద. ఫుల్ పేజీ యాడ్ ఇస్తుండు ఆయన. గింత సోయి లేదా?"

పదకొండు సంతకాలూ పడ్డాయి. మహిమ సంతకం కూడా వాటిలో ఉంది. పాత పోస్టులు చూసుకోమన్న వాక్యం విన్నప్పుడు ఆమె మనసు క్షణంపాటు ఎక్కడికో పోబోయింది. అంతలో టీ వచ్చింది.

సరే, గురువారం సంగతి. మహిమ ఆఫీసుకు చేరేసరికి పదిన్నర. అంతయ్య ఫోన్ అప్పటికి మూడోసారి.

"మేడం, ఏం జేసిండ్రు మేడం?" గుసగుసగా అడిగాడు. "కాగితం ఊరంత తిరుగుతుంది. మూలకు మా సెక్షన్ ముద్ర, నంబర్ సక్కగ కనవడ్తుంది. సారు ఫైలు తెమ్మన్నడు."

"నేను వెయ్యలే అంతయ్యా! ఇంకా పేపర్లనే రాలే."

"మరెవలేసిండ్రు?"

వేసినవాడు ఆమెకు రెండు కుర్చీల అవతలే ఉన్నాడు. సాగర్ పత్రికలో చేరి ఏడాదిన్నర. అతనికి ఉద్యోగం పక్క పని, అసలు పని 'సాగర్ అప్డేట్స్' అనే సొంత పేజీ. గ్రూపులో లేఖ ఫొటో పడిన పావుగంటకే అది తన పేజీలో పెట్టుకున్నాడు. పైన ఎర్ర అక్షరాలు: 'రేగొండపల్లె కల్వర్టు ఏ క్షణమైనా కూలొచ్చు. ఇంజినీర్ల రహస్య లేఖ నా చేతిలో.' మూలన గుండ్రంగా తన బొమ్మ, నల్లద్దాలతో. లేఖ అతని చేతిలో లేదు. ఏ క్షణమైనా కూలుతుందని అందులో ఎక్కడా లేదు. నల్లద్దాలు మాత్రం నిజమే.

"సాగర్, అది తీసెయ్యి ముందు. కింద తప్పు రాసిన అని పెట్టు."

"అక్కా, గది నా పర్సనల్ పేజీ. బయోల రాసిన గూడ, అభిప్రాయాలు వ్యక్తిగతం అని."

"లెటర్ గూడ నీ వ్యక్తిగతమేనా?"

"బ్రేకింగ్ అక్కా. అయిదు నిమిషాలు లేటైతే ఇంకెవడో కొడ్తుండె."

"ఎవడు కొడ్తుండెరా? కాగితం నా కాడ తప్ప ఇంకెవని కాడ లేదు!"

సాగర్ ఫోన్ ఆమె వైపు తిప్పాడు. "నలభై రెండు వేలు సూసిండ్రు అక్కా. మన పేపర్ల వస్తే గింత మంది సూస్తరా?"

నలభై రెండు వేల మందిలో రేగొండపల్లె తల్లిదండ్రులు కూడా ఉన్నారు. మధ్యాహ్నానికల్లా వాళ్లు స్కూల్ ఆటోను వాగు ఇవతలే ఆపి, పిల్లలను దింపి, పొలాల గట్ల మీదుగా నడిపించారు. క్వారీవాళ్లూ చూశారు. సాయంత్రానికి ఒక్క లారీ లేదు. పై అధికారి ఫోన్ ఎత్తడం మానేశాడు. లారీల తూకం వేసే కాంటా దగ్గర క్వారీ మనుషులు అప్పుడే పుట్టినంత అమాయకంగా కూర్చున్నారు. చీకటిపడకముందే సాగర్ పోస్టు మాయమైంది. తప్పు రాశానన్న మాట ఎక్కడా లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పడం తెలియనివాడికి, లేనిది లేనట్టు చెరిపేయడం మాత్రం తెలుసు.

అంతయ్యకు మెమో వచ్చింది. ఆఫీసు కాగితం బయటికెలా పోయిందో బుధవారంలోగా వివరణ ఇవ్వాలని.

శుక్రవారం పర్శరాములు ఆమెను తన గదికి పిలిచాడు. టేబుల్ మీద సగం తిన్న కేకు డబ్బా. అతని ఫోన్ స్టేటస్‌లో మిగతా సగం: పెద్దాయన తన చేత్తో ఇతని నోట్లో కేకు కుక్కుతున్నాడు, ఇతను గూట్లో పిట్టపిల్లలా నోరు తెరిచాడు. కింద 'అన్నకు జన్మదిన శుభాకాంక్షలు' అని, రెండు చేతుల దండం.

"కూసో మహిమా. నీ మీద కంప్లైంట్ వచ్చింది."

"నా మీదనా? సాగర్ మీదనా సార్?"

"నీ మీదనే." ఒక ప్రింటు ముందుకు తోశాడు.

రెండేళ్ల కిందటిది. కూరగాయలు అమ్ముకునే బుచ్చవ్వ అనే ముసలామె ఆ క్వారీ గ్రానైట్ లారీ కిందే పడి చనిపోయింది. ఎవరో ఫేస్‌బుక్‌లో ఫొటో పెడితే దాని కింద మహిమ రాసింది: 'రాళ్ల లారీల ముంగట చేతులు కట్టుకొని నిలవడేటోళ్లు మనకు నాయకులు. థూ.' అంతకుముందే ఆమె ఆసుపత్రి మార్చురీ దగ్గరి నుంచి వచ్చింది. చెప్పులు కూడా విడవకుండా రాసింది. ఆ వాక్యం తరువాత ఆమెకు గుర్తేలేదు. క్వారీ యజమాని మనుషులకు మాత్రం గుర్తుంది. ఈమె మొదటి నుంచీ పగతో రాస్తోందని, ఇలాంటి మనిషి వార్తను నమ్మొద్దని వాళ్లు హెడ్డాఫీసుకు రాశారు.

"మూడో రూల్," అన్నాడు పర్శరాములు వేళ్లు లెక్కపెట్టి. "రాసే విషయం మీద అభిప్రాయం చెప్పొద్దు. నువ్వు సంతకం గూడ పెట్టినవ్. గందుకే కల్వర్టు వార్త ఆపిన."

"నేను రాసింది తప్పే సార్, ఒప్పుకుంట. గని కల్వర్టు పగుళ్లు నా అభిప్రాయం గాదు గదా. సాగర్ సంగతేంది?"

"వాడు చిన్న పిలగాడు. తీసేసిండు గదా."

"మరి ఇది?" అంది మహిమ. ఆమె వేలు ఫోన్లో నోరు తెరిచిన బొమ్మ మీద ఉంది.

పర్శరాములు నొచ్చుకున్నాడు. "నీకెన్నిసార్లు చెప్పాలె? పొగిడితే మర్యాద. తిడితే అభిప్రాయం. ఇరవై రెండేండ్ల సంది గీ లైన్ల ఉన్న, నాకు చెప్తవా?"

ఇరవై రెండేళ్ల సారం అంత పొట్టిగా ఎవరూ చెప్పి ఉండరు. మహిమ లేచింది. అతను చేత్తో కూర్చోమన్నాడు. గొంతు తగ్గించాడు.

"జర విను. పెద్దాయనతోని మాట్లాడిన. మనసు మంచిది ఆయనది. గా కామెంట్ చప్పుడు గాకుండ తీసెయ్యి. ఆదివారం ఊళ్లె ఆయనకు సన్మానం ఉన్నది. ఆ ఫొటో ఒక్కటి స్టేటస్ పెట్టు. ఒక్క రోజు. కంప్లైంట్ వాపస్ తీసుకుంటరు. నీ వార్త గూడ పది రోజులు ఆగి, చిన్నగ, లోపలి పేజీల వేసుకుందాం."

"పది రోజులల్ల అంతయ్య ఉద్యోగం సంగతేంది సార్?"

"గాయన ఎవరు?" అన్నాడు పర్శరాములు. నిజంగానే తెలియదు. మహిమ నాలుక కరుచుకుంది. పేరు చెప్పకూడదు. తానే నోరు జారింది.

"ఎవరు లేరు సార్."

ఇంటికొచ్చి లెక్క వేసుకుంది. పై అధికారి తన నోటితోనే 'అవును, అలాంటి లేఖ మా రికార్డులో ఉంది' అని ఒప్పుకుంటే, కాగితం ఎవరిచ్చారన్నది చిన్నదైపోతుంది. ఒప్పించేది అచ్చయ్యే వార్త ఒక్కటే. వార్త ఆగితే లేఖ అబద్ధమవుతుంది, మెమో ఒక్కటే నిజంగా మిగులుతుంది. తన ఒక్క ఉమ్ము, తాను గ్రూపులో పెట్టిన ఒక్క ఫొటో, ఆ మనిషి మెడకు చుట్టుకున్నాయి.

జాన్సన్ సర్కారు బడిలో సారు. సంగతంతా విని గడ్డం గోక్కున్నాడు. "పెట్టరాదు మహిమా. ఒక్క రోజే గదా. ఇరవై నాలుగ్గంటలైతే దానంతటదే పోతది. మాకు గూడ రూల్స్ ఉన్నయ్. మేం ఏం అంటలేమా, ఏం పెడ్తలేమా?"

"స్టేటస్ పోతది. సూసినోళ్లు పోతరా?"

"సూసేటోళ్లకు ఎవలకు ఫికర్? అందరు పెట్టిండ్రు గదా."

శనివారం ఆమె సర్క్యులర్ మళ్లీ తీసింది. చివర్లో చిన్న అక్షరాల్లో 'సందేహాలుంటే' అని ఒక పేరు, ఒక నంబరు. అరుణ్‌కుమార్, హెడ్డాఫీసు. ఆ నంబరుకు ఏ జిల్లా నుంచీ ఇంతదాకా ఎవరూ చేసినట్లు లేరు. ఎత్తిన మనిషి గొంతులోనే ఆశ్చర్యం.

"సందేహమా? చెప్పండమ్మా, చెప్పండి."

మహిమ అంతా చెప్పింది. తన కామెంట్ ముందు, సాగర్ పోస్టు తరువాత. లేఖ ఇచ్చిన మనిషి పేరు మాత్రం చెప్పలేదు. అతనూ అడగలేదు.

"ఆ కామెంట్ ఇంకా ఉందా?"

"ఉన్నది సార్."

"ఇప్పుడు తీసేయకండి. తీస్తే దాచినట్టే. దాని కిందే రాయండి, రిపోర్టర్‌గా ఈ మాట అనకుండా ఉండాల్సింది అని. మాకు కూడా రాతపూర్వకంగా పంపండి. ఆ క్వారీ మీద ఇక మీ పేరుతో వార్త రావడం కుదరదు. ఎంత నిజం రాసినా చదివేవాడు ముందు మీ కామెంట్ చదువుతాడు."

ఆ మాట గుండెలో గుచ్చుకుంది, నిజం కాబట్టి. "వార్త సంగతి సార్?"

"వార్త మీదేం తప్పుంది? ఇంకో రిపోర్టర్ మీ కాగితాలన్నీ మొదటి నుంచి సరిచూసి, ఇద్దరి వివరణా తీసుకుని రాస్తే వస్తుంది. నేనే డెస్కుకు చెప్తాను. మీరు రాసి పంపాక." కాగితం మీద ఏదో రాసుకున్న చప్పుడు. "మీ బ్యూరోలో మేం తెలుసుకోవాల్సింది ఇంకేమైనా ఉందా?"

నోరు తెరిచిన పిట్టపిల్ల కళ్ల ముందు మెదిలింది. దాంతోపాటు పది మంది స్టేటస్‌లు, పది దండాలు. అందరూ తోటివాళ్లే. ఇంట్లో పెండ్లయినా చావైనా వచ్చేవాళ్లే.

"సోంచాయించి రాస్త సార్," అంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ముగ్గురూ ఇంటికొచ్చారు. హెప్సిబా బగారా అన్నం, కోడికూర వడ్డించింది. మహిమ ఫోన్ పక్కనే పెట్టుకుంది. పొద్దున సన్మానం కాగానే పర్శరాములు ఫొటో పంపాడు. శాలువా, గజమాల, గజమాల సందులో పెద్దాయన మొహం. కింద 'పన్నెండు లోపు' అని. ఇప్పుడు ఒంటిగంటన్నర.

"పెట్టినవా?" అన్నాడు జాన్సన్ ముద్ద కలుపుతూ.

"ఏంది పెట్టేది?" హెప్సిబా అడిగింది.

జాన్సన్ తల్లికి రెండు ముక్కల్లో చెప్పాడు. ఆమె ఫోన్ లాక్కుని, దూరంగా పట్టుకుని ఫొటో చూసింది.

"గీ మనిషికి మొక్కాల్నా? గీయన బామ్మర్ది లారీ కిందనే గదా బుచ్చవ్వ వడ్డది? ఆమె కాడ పదేండ్లు తోటకూర కొన్న నేను."

"మొక్కుడు గాదవ్వా, ఉత్త ఫొటో. ఒక్క రోజు."

"ఒక్క రోజు మొక్కినోడు రెండో రోజు మొక్కడా? వాని నడుంకు వంగుడు అలవాటైతది."

"నువ్వూకో అవ్వా. నౌకరి ఆమెది, నీది గాదు."

"ఊకోవద్దు అత్తమ్మా," అంది మహిమ. "గని నేను చెప్పేది గూడ ఇనుండ్రి. తిట్లు తరువాత." చెయ్యి తుడుచుకుని కూర్చుంది. "స్టేటస్ పెట్టలే, పెట్ట. నా కామెంట్ తీసెయ్యలే. దాని కింద రాసిన, గిది నేను అనకూడని మాట అని."

"థూ అన్నది వాపస్ తీసుకున్నవా?" హెప్సిబా మొహం ముడుచుకుంది.

"అనుకున్నది వాపస్ తీసుకోలే అత్తమ్మా. అందరి ముంగట అన్నందుకు ఒప్పుకున్న. రిపోర్టర్ అట్ల అనద్దు. అంటే గిట్లనే అయితది, వాళ్ల చేతికి కట్టె నేనే ఇచ్చిన."

జాన్సన్ తినడం ఆపాడు. "ఇంకేం రాసినవ్?"

"హెడ్డాఫీసుకు మెయిల్ రాసిన. మొదటి పేరు నాదే. కాగితం ఫొటో గ్రూపుల పెట్టింది నేనే, ముద్ర చెరిపి పెట్టాల్సింది, పెట్టలే అని. ఎవరిచ్చిండ్రో రాయలే. నాలుగు నెలల కాగితాలన్ని హుజూరాబాద్ల మన పేపర్ రిపోర్టర్ దీపికకు ఇస్తున్న. ఆమె అన్నీ మళ్ల సూసుకొని, వాళ్ల మాట తీసుకొని, ఆమె పేరు మీద రాస్తది. కల్వర్టు వార్తల నా పేరుండది. క్వారీల వార్తలు రాసుడు గూడ ఇడిచిపెడ్తున్న."

"నాలుగు నెలలు తిరిగింది నువ్వు," అన్నాడు జాన్సన్. "పేరామెకా?"

"పేరు ఎవరిదైతేంది. బుధవారం లోపల అచ్చు కావాలె. గా మెమోకు జవాబు గప్పటిదాకనే గడువు."

"మరి సాగర్, చీఫ్?"

"రాసిన. సాగర్ పోస్టు రాసిన, గది చప్పుడు గాకుండ తీసేసిండని రాసిన. చీఫ్ స్టేటస్, మిగిలినోళ్ల స్టేటస్‌లు స్క్రీన్ షాట్లు పెట్టిన. ఒక్కటి గూడ నా మాట కలపలే. తారీఖు, టైం, బొమ్మ. గంతే."

"పదిమంది మీద రాసినవా?" జాన్సన్ గొంతు పెరిగింది. "రేపు ఆఫీసుల నీతోని ఛాయ్ తాగేటోడుంటడా? పర్శరాములు సారు నిన్ను ఆసిఫాబాద్ అడవులకు ట్రాన్స్‌ఫర్ కొట్టిస్తడు, తెలుసా?"

"తెలుసు."

"తెలిసి పంపుతవా?"

"పంపుడు గాదు, పంపిన," అంది మహిమ. "చర్చిల ఆఖరి పాటకు అందరు లేచినప్పుడు పంపిన. ఆసిఫాబాద్ ఏస్తే పోత. మీరిద్దరు వస్తరో రారో మీ ఇష్టం. స్టేటస్ అయితే పెట్ట."